ఫ్యాన్ కింద దాక్కున్న కంబళి

మే నెలలో మా మేనల్లుడి డెస్క్‌టాప్ మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆగిపోయేది. పావుగంట ఆగి బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చేది. కరెంటు హెచ్చుతగ్గులేమో అనుకుని యూపీఎస్ మార్చే ఆలోచనలో పడ్డాం. ఒకరోజు బయోస్ తెరిచి చూస్తే ప్రాసెసర్ వేడి 78 డిగ్రీలు. ఏ పనీ చేయనప్పుడు అది మామూలుగా 40, 50 మధ్య ఉండాలి.

పక్క మూత తీసి టార్చి వేశాం. "లోపల పెద్ద దుమ్మేం లేదు మామయ్యా" అన్నాడు వాడు. నిజమే, బోర్డు మీద పల్చటి పొర తప్ప ఏమీ కనబడలేదు. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ను పట్టి ఉంచే తీగ క్లిప్పులు విప్పి, ఫ్యాన్ పైకెత్తాక అసలు సంగతి బయటపడింది. దాని కింద బూడిదరంగు కంబళి ముక్క పరిచినట్టుంది. వేలితో లాగితే చాప చుట్టలా ఊడివచ్చింది.

ప్రాసెసర్ వేడిని లాగేది హీట్‌సింక్. దాని అల్యూమినియం రేకుల మధ్య సందులు ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఫ్యాన్ గాలితో పాటు వెంట్రుకలను, బట్టల నూలుపోగులను కూడా అక్కడికి తోస్తుంది. పోగు ఒకటి అడ్డం పడితే దుమ్ము దానికి అంటుకుంటూ పోతుంది. గాలి దారి మూసుకుపోయాక ఫ్యాన్ ఎంత గిరగిరా తిరిగినా లాభం లేదు. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే సిస్టమ్ ఆగిపోతుంది. కాబట్టి శుభ్రం చేయాల్సింది ముఖ్యంగా గాలి దారిని: ముందు జాలీ, ఫ్యాన్లు, హీట్‌సింక్. బోర్డును రుద్ది తళతళలాడించనక్కర్లేదు.

పని మొదలుపెట్టేముందు షట్‌డౌన్ చేసి, ప్లగ్ పూర్తిగా పీకేయాలి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు ఖాళీ అవుతుంది. డబ్బాను వరండాలోకి తెచ్చి, రేకుల మీద మెత్తటి బ్రష్‌తో దుమ్మును కదిపి, చేతి బ్లోయర్‌తో కొద్దికొద్దిగా ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే గాలి దెబ్బకు అది తన హద్దుకు మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్‌ను మాత్రం ప్రాసెసర్ మీద నుంచి ఊడదీయకండి. తీశారంటే పాత పేస్ట్ తుడిచి కొత్తది రాయాల్సిందే. పవర్ సప్లై డబ్బాను అసలు విప్పొద్దు. ప్లగ్ తీసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండొచ్చు. బయటి జాలీలోంచి ఊదితే చాలు.

ఇక స్టాటిక్ కరెంటు. చలికాలం పొద్దున తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమంటుందే, అదే. ఆ చురుకు మనకు తెలియాలంటే మన ఒంట్లో ఇంచుమించు 3,000 వోల్టులు చేరాలి. చిప్పు దెబ్బతినడానికి కొన్ని వందల వోల్టులే చాలు. అంటే మనకు ఏమీ తెలియకుండానే ర్యామ్‌ను చంపేయగలం. ఒక్కోసారి వెంటనే చావదు. సగం దెబ్బతిని కొన్నాళ్లకు మొరాయిస్తుంది, అప్పుడు కారణం ఎవరికీ అంతుపట్టదు.

దీనికి మందు తేలిక. మన ఒళ్లూ, డబ్బా ఒకే స్థాయిలో ఉంటే మెరుపు దూకదు. లోపల చెయ్యి పెట్టేముందు రంగు వేయని రేకును ముట్టుకోవాలి, పని మధ్యలో కూడా మళ్లీమళ్లీ ముట్టుకుంటూ ఉండాలి. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు తీసేటట్లయితే మణికట్టు పట్టీ కట్టుకుని, దాని క్లిప్పును అదే రేకుకు తగిలించండి. పాలిస్టర్ బట్టలు, తివాచీ వద్దు. తీసిన కార్డును అంచులు పట్టుకోవాలి, బంగారు గీతలు ముట్టుకోకూడదు. ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ మాత్రం లోపలికి రానీయకండి. ప్లాస్టిక్ గొట్టంలో దుమ్ము రాసుకుంటూ పోతుంటే దాని మూతి దగ్గరే స్టాటిక్ పుడుతుంది.

ఎన్నాళ్లకోసారి? ముందు జాలీని నెలకోసారి తుడవండి. దసరాకు ఇల్లు దులిపాక ఒకసారి, ఉగాదికి మరోసారి మూత తీస్తే మామూలు ఇంటికి సరిపోతుంది. డబ్బా నేల మీద ఉన్నా, ఇంట్లో పిల్లి తిరుగుతున్నా, కిటికీ రోడ్డు వైపున్నా మూడు నెలలకోసారి చూడాలి. శుభ్రం చేసిన రోజు బయోస్‌లో కనబడే వేడిని ఒక కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. అదే గదిలో, అదే వాతావరణంలో ఆ అంకె పది డిగ్రీలు పెరిగిందంటే మూత తీసే వేళయిందన్నమాట.

మా వాడి డబ్బా మీది కాగితంలో 47 అని ఉంది. యూపీఎస్ పాతదే.