పది రెట్లు అన్న అంకె చెప్పని సంగతి

ఫ్యూచర్స్ ఖాతాలో 3,000 డాలర్లున్నాయనుకుందాం. బిట్‌కాయిన్ 60,000 దగ్గర ఉండగా, పెరుగుతుందన్న నమ్మకంతో 10 రెట్ల లెవరేజ్ పెట్టి 0.1 బిట్‌కాయిన్ లాంగ్ తీసుకున్నాం. పొజిషన్ విలువ 6,000. దానికి మన ఖాతాలోంచి పక్కన పెట్టిన మార్జిన్ 600. లాభనష్టాలు మాత్రం మొత్తం 6,000 మీద పడతాయి.

ధర దిగేకొద్దీ ఆ 600 కరుగుతుంది. అది సున్నా అయ్యేదాకా ఎక్స్ఛేంజ్ చూస్తూ ఊరుకోదు. పొజిషన్ విలువలో ఇంత భాగమైనా మిగిలుండాలని హద్దు పెడుతుంది. దాన్నే మెయింటెనెన్స్ మార్జిన్ అంటారు. ఆ హద్దు అర శాతమైతే, 54,270 దగ్గర పొజిషన్‌ను తనే మూసేస్తుంది. అదే లిక్విడేషన్ ధర. పది శాతం పడితే గానీ ప్రమాదం లేదనుకున్నవాళ్ళకు తొమ్మిదిన్నర శాతానికే ఆట ముగుస్తుంది.

ఇదంతా ఐసోలేటెడ్ మార్జిన్ లెక్క. ఇందులో పోయేది ఆ 600 మాత్రమే. మిగిలిన 2,400 జోలికి ఎవరూ రారు, మనమే తెచ్చి అందులో పోయకపోతే.

అదే పొజిషన్ క్రాస్‌లో ఉంటే, దాని వెనక ఖాతాలోని 3,000 మొత్తం నిలబడుతుంది. లిక్విడేషన్ ధర 30,150కి దిగిపోతుంది. చూడ్డానికి ఎంతో భద్రంగా ఉంటుంది. కానీ ఈ అంకె స్థిరం కాదు. అదే ఖాతాలో ఇంకో చిన్న కాయిన్ మీద లాంగ్ తీసుకున్నామనుకోండి, అది 1,500 నష్టంలో పడిందంటే, బిట్‌కాయిన్ ధర ఒక్క డాలరు కదలకపోయినా దాని లిక్విడేషన్ ధర 45,200 దాటి పైకొస్తుంది. పైగా మార్కెట్ కూలిన రోజున బిట్‌కాయిన్ కంటే చిన్న కాయిన్లే సాధారణంగా ఎక్కువ పడతాయి. ఆసరా అవసరమైన గంటలోనే ఆసరా కరిగిపోతుందన్నమాట. 2025 అక్టోబర్ 10న అమెరికా సుంకాల ప్రకటన తర్వాత జరిగింది అదే. ఆ రోజు బైనాన్స్‌లో, డాలరుతో సమానమని మార్జిన్‌గా పెట్టుకున్న యూఎస్‌డీఈ అనే కాయిన్ కూడా కాసేపు 65 సెంట్ల దాకా జారింది.

అందుకే క్రాస్‌లో చూడాల్సింది స్లైడర్ మీది అంకెను కాదు. పొజిషన్ల మొత్తం విలువను ఖాతాలోని డబ్బుతో భాగించాలి. మన ఉదాహరణలో 6,000 బై 3,000, అంటే అసలు లెవరేజ్ రెండు రెట్లే. స్లైడర్‌ను 20కి జరిపినా, పరిమాణం మారనంతవరకు లిక్విడేషన్ ధర కదలదు. ఇంకా పెద్ద పొజిషన్ తెరవడానికి చోటు మాత్రం దొరుకుతుంది, చిక్కు అక్కడే. ఆ చోటు చూసి 0.1ని 0.5 బిట్‌కాయిన్‌కు పెంచితే లిక్విడేషన్ ధర మళ్ళీ 54,270కే వచ్చి కూర్చుంటుంది. ఈసారి పోయేది 600 కాదు, 3,000.