కప్పు ఒకటే, బరువులు వేరు

అమెరికా వంటకం చూసి కేకు మొదలుపెట్టిన వాళ్లకు మొదటి చిక్కు కప్పు దగ్గరే వస్తుంది. అన్నానికి ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్లు అంటే ఏ గ్లాసైనా సరిపోతుంది, రెంటినీ ఒకే గ్లాసుతో కొలిస్తే చాలు. కేకులో మాత్రం కోడిగుడ్లు లెక్కన పడతాయి. కప్పు పెద్దదైందని గుడ్డు పెద్దది కాదు కదా!

అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా కప్పు 250. మన ఇంటి కప్పు ఎంతో తెలుసుకోవాలంటే దాన్ని కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయాలి. కాటా చూపే గ్రాములే మిల్లీలీటర్లు. నీటికి ఒక మిల్లీలీటరు దాదాపు ఒక గ్రాము.

ఈ సౌలభ్యం నీటితోనే సరి. అదే కప్పులో పంచదార సుమారు 200 గ్రాములు, మైదా 120 గ్రాములే పడుతుంది. మైదా రేణువు నిజానికి నీటికన్నా బరువైనదే. కానీ రేణువుల సందుల్లో గాలి నిండి ఉంటుంది. మైదా కప్పులో సగానికి పైగా మనం కొలిచేది గాలినే.

ఆ గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు, అసలు తంటా అదే. మైదాను గుల్లగా కదిపి, చెంచాతో కప్పులోకి రాల్చి, కత్తి వెనకతో అంచుకు సమంగా గీస్తే 120 గ్రాములు వస్తుంది. కప్పునే డబ్బాలో ముంచి తీస్తే పిండి అణిగి 150 దాకా పోవచ్చు.

ఒకటిన్నర కప్పుల మైదా, అరకప్పు పాలు అడిగే కేకునే తీసుకుందాం. రాల్చి కొలిస్తే మైదా 180 గ్రాములు. ముంచి తీస్తే 225. పాలు మాత్రం రెండుసార్లూ సుమారు 120 మిల్లీలీటర్లే. ఎక్కువైన 45 గ్రాముల మైదా ఆ పాలను తాగేస్తుంది. గరిటె నుంచి ధారగా జారాల్సిన పిండి ముద్దలుగా పడుతుంది. కేకు పైన పగిలి, లోపల పొడిపొడిగా ఉంటుంది. చాలామంది ఓవెన్‌ను తిట్టుకునేది అప్పుడే.

ఇక టేబుల్‌స్పూను దాదాపు అంతటా 15 మిల్లీలీటర్లు, టీస్పూను 5. ఆస్ట్రేలియాలో మాత్రం టేబుల్‌స్పూను 20. అక్కడి వంటకంలో మూడు టేబుల్‌స్పూన్ల నూనె అంటే 60 మిల్లీలీటర్లు. మన చెంచాతో మూడే పోస్తే 45 దగ్గర ఆగిపోతాం, నాలుగు పోయాలి.

అన్నిటికీ కాటానే నమ్మాలనీ లేదు. టీస్పూను బేకింగ్ పౌడరు నాలుగైదు గ్రాములే ఉంటుంది. ఇంటి కాటా ఒక్క గ్రాము తేడా చూపినా అయిదో వంతు తప్పినట్టే, కాబట్టి దానికి గీసి కొలిచిన చెంచానే మేలు.