కిలో రేటులో కనపడని ఖర్చు

వెల్డింగ్ షాపులో గేటు గురించి మాట్లాడితే మొదట వచ్చే ప్రశ్న "కిలో ఎంత?" అనే. చేయించుకునేవాళ్లు అడిగేది అదే, షాపువాళ్లు చెప్పేదీ అదే. ఒకే రకం గేట్లు వరసగా చేసే చోట ఈ పద్ధతితో పెద్ద ఇబ్బంది లేదు. ఫోనులో ఒక బొమ్మ చూపించి "మా ఇంటికి ఇలాంటిది కావాలి" అన్నప్పుడే కిలో రేటు దారి తప్పిస్తుంది. ఇనుముకు బరువుంటుంది గానీ, ఆ ఇనుము మీద పెట్టిన గంటలు తూకంలో కనపడవు.

ఒక గేటుకు కొటేషన్ కట్టి చూద్దాం. వెడల్పు 12 అడుగులు, ఎత్తు 5 అడుగులు, రెండు తలుపులు. ఫ్రేముకూ మధ్య పట్టీకీ రెండంగుళాల స్క్వేర్ పైపు, లోపల నిలువు ఊచలకు అంగుళం పైపు. ఊచకీ ఊచకీ మధ్య నాలుగంగుళాల లోపు సందు. ఇక్కడ వాడే ధరలు, కూలి రేట్లు లెక్క కోసం అనుకున్నవి. ఊరినిబట్టి, రోజునిబట్టి అవి మారతాయి.

సామాన్ల లెక్క బరువుతో కాక కోతతో మొదలవ్వాలి. పైపును 20 అడుగుల లెంగ్త్ అని అమ్ముతారు గానీ, చాలావరకు అది 6 మీటర్లు, అంటే 19 అడుగుల 8 అంగుళాలు. ఆ నాలుగంగుళాలే ఒక్కోసారి కొంప ముంచుతాయి. ఫ్రేము మూలలు 45 డిగ్రీల కోతతో కలవాలంటే నాలుగు నిలువు ముక్కలూ నిండా 5 అడుగులు ఉండాలి. అవి ఒక లెంగ్త్‌లో రావు, ఇంకో లెంగ్త్ కొనాల్సిందే. అదే నిలువు ముక్కల్ని అడ్డ ముక్కల మధ్య ఇరికిస్తే ఒక్కోటి 4 అడుగుల 8 అంగుళాలు సరిపోతుంది, నాలుగూ ఒకే లెంగ్త్‌లో వస్తాయి. తెరిచి ఉండే పైపు కొసలకు మూతలు పెట్టాలి, అంతే. మన గేటును ఈ రెండో పద్ధతిలోనే చేద్దాం. అప్పుడు ఫ్రేముకు మూడు లెంగ్తులు పడతాయి.

ఊచలు తలుపుకు 13. మధ్య పట్టీ వాటిని రెండుగా విడదీస్తుంది కాబట్టి మొత్తం 52 ముక్కలు, ఒక్కోటి 27 అంగుళాలు. ఒక లెంగ్త్‌లో ఎనిమిదే వస్తాయి. ఆరున్నర లెంగ్తులు చాలు, కానీ షాపులో అర లెంగ్త్ అమ్మరు, ఏడు కొనాలి. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్రేము పైపు లెంగ్తుకు సుమారు 18 కిలోలు, 1.6 మిల్లీమీటర్ల ఊచ పైపు సుమారు 7 కిలోలు. అన్నీ కలిపితే 103 కిలోలు. గేటులోకి నిజంగా వెళ్లేది 91 కిలోలే. మిగిలిన 12 కిలోల ముక్కల్లో కొన్ని మరో పనికి పనికొస్తాయి, కొన్ని తుక్కులోకి పోతాయి. కొన్న ధర మాత్రం 103కీ కట్టాలి. కిలో 70 రూపాయలనుకుంటే 7,210. హింజెస్, గడియ, వెల్డింగ్ రాడ్లు, కటింగ్ వీళ్లు, రెడ్ ఆక్సైడ్, ఎనామిల్, ఆటో కిరాయి కలిపి 3,790. సామాన్లకు మొత్తం 11,000 రూపాయలు.

కూలి దగ్గరే చాలామంది తక్కువ రాసుకుంటారు. మేస్త్రికి రోజుకు 900, హెల్పరుకు 600 అంటే ఇద్దరికీ 1,500. దాన్ని ఎనిమిదితో భాగిస్తే గంటకు 188 రూపాయలు అవుతుంది. కానీ షాపు ఎనిమిది గంటలు తెరిచి ఉన్నా గేటు మీద చెయ్యి ఆడేది ఆరు గంటలే. పైపు దించుకోవడం, కరెంటు పోవడం, టీ, దారినపోయేవాళ్లకు ధర చెప్పడం మిగతా రెండు గంటల్ని తినేస్తాయి. జీతం వాటికీ ఇస్తున్నాం. అందుకే ఆరుతో భాగించాలి. ఇద్దరి జంటకు గంట 250. కోతకు మూడు గంటలు, ఫ్రేము కట్టి మూల మట్టం చూడటానికి మూడు, ఊచల వెల్డింగుకు ఐదు, గ్రైండింగుకు రెండు, హింజెస్, గడియలకు ఒకటి, రంగుకు మూడు, ఇంటి దగ్గర బిగింపుకు మూడు. మొత్తం ఇరవై గంటలు, 5,000 రూపాయలు.

ఇక ఓవర్‌హెడ్. ఏ ఒక్క గేటుకూ చెందని ఖర్చు ఇది. షెడ్డు అద్దె 12,000, కరెంటు 4,500, మిషన్లు అరిగేందుకు పక్కన పెట్టేది 3,500, ఫోను, పెట్రోలు 3,000, రిపేర్లు 2,000. యజమాని కొలతలు తీసి, బేరాలాడి, డబ్బు వసూలు చేసే పనికి తన జీతంగా 20,000. ఆఖరిది రాసుకోని షాపులే ఎక్కువ. మొత్తం నెలకు 45,000. షాపులో రెండు జంటలుంటే, రోజుకు ఆరు చొప్పున 25 రోజులకు 300 గంటలు. గంటకు 150 రూపాయలు. మన గేటుకు 3,000. ఈ రేటును ఏడాది మొత్తం మీద కట్టుకోవాలి. పని తగ్గిన నెలలో 150 గంటలే దొరికాయని రేటు 300 చేస్తే కొటేషన్ పెరిగి, ఉన్న పనీ పక్క షాపుకు పోతుంది.

అసలు ఖర్చు ఇప్పుడు 19,000. లాభం 20 శాతం మిగలాలనుకుంటే చాలామంది దీని మీద 20 శాతం కలిపి 22,800 రాస్తారు. ఆ ధరలో లాభం 3,800. అది 22,800లో ఇరవై శాతం కాదు, పదహారున్నర పైచిలుకు మాత్రమే. అమ్మిన ధరలో 20 శాతం మిగలాలంటే ఖర్చును 0.80తో భాగించాలి. 19,000కు 23,750 వస్తుంది. లాభం 4,750. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షాపు పన్నును దీనిమీద విడిగా వేస్తుంది. లేనివాళ్లు పైపుతో పాటు కట్టిన పన్నును సామాన్ల ఖర్చులోనే కలుపుకోవాలి.

తయారైన గేటు బరువుతో చూస్తే ఈ ధర కిలోకు సుమారు 260 పడుతుంది. ఇప్పుడు అదే ఇంటివాళ్లు పైభాగం వంపు తిరగాలని, ఊచల మధ్య డిజైను రావాలని అన్నారనుకుందాం. బరువు దాదాపు మారదు. గంటలు 20 నుంచి 32కు వెళ్తాయి. అదనపు పన్నెండు గంటలకు కూలి, ఓవర్‌హెడ్ కలిపి గంటకు 400 చొప్పున 4,800. పాత కిలో రేటే చెప్పిన షాపుకు 4,750 లాభం పూర్తిగా కరిగిపోయి, పైగా యాభై రూపాయలు చేతి నుంచి పడతాయి. గంటలు కట్టిన షాపు 29,750 చెబుతుంది. అది ఎక్కువని కస్టమరు వెళ్లిపోవచ్చు. నా లెక్కలో అది నష్టం కాదు.

బేరం ఎలాగూ తప్పదు. "పది శాతం తగ్గించండి" అన్నది చిన్న మాటలాగే వినపడుతుంది. 23,750లో పది శాతం 2,375, అంటే లాభంలో సరిగ్గా సగం. ధర తగ్గించే బదులు పని తగ్గించడం మేలు. ఊచలు తలుపుకు 13 బదులు 11 పెడితే సందు నాలుగూ ముప్పావు అంగుళాలవుతుంది. ఒక లెంగ్త్ మిగులుతుంది, గంటన్నర పని తగ్గుతుంది. ఖర్చులో 1,090 పోతే ధరలో సుమారు 1,360 తగ్గించవచ్చు, లాభం శాతం చెక్కుచెదరదు. ఆ తగ్గింపులో ఇనుము వాటా 490 రూపాయలే, గంటల వాటా 600. ఇంట్లో చిన్నపిల్లలో కుక్కపిల్లో ఉంటే మాత్రం సందు పెంచే ముందు అడగాలి.

కొటేషన్ కాగితం మీద పైపు మందం, ఊచల సంఖ్య, రంగు ఎన్ని పూతలో, బిగింపు ఎవరిదో రాయాలి. ఇనుము ధర ఊగుతుంది కాబట్టి ఇన్ని రోజులే చెల్లుతుందనీ, అడ్వాన్సు కనీసం సామాన్ల ఖర్చంత అనీ రాయాలి. పని అయ్యాక మేస్త్రి నిజంగా ఎన్ని గంటలు పెట్టాడో అదే కాగితం వెనక రాసుకుంటే మేలు. ఇరవై అనుకున్నది ఇరవై ఐదైతే 2,000 పోయిందన్నమాట. మూడు నాలుగు గేట్లు వరసగా అలాగే వస్తే మేస్త్రిని తప్పుపట్టే ముందు ఊచల వెల్డింగుకు అనుకున్న ఆ ఐదు గంటల్ని మార్చాలి.