అదే పీచు, వేరే పలుకు

త్రిపురాంతకంలో కిరాణా కొట్టుకెళ్లి ఓట్స్ అడిగితే ముందుగా చేతికొచ్చేది కొట్టు ముందు దండలా వేలాడే చిన్న మసాలా ప్యాకెట్. కాస్త పెద్ద కొట్టయితే అరకిలో, కిలో సాదా ఓట్స్ ప్యాకెట్లు ఉంటాయి. ఇంకా రకాలు కావాలంటే మార్కాపురం వెళ్లాలి. షుగరుందని తేలినవాళ్లకు డాక్టరు రాత్రి అన్నం తగ్గించి ఓట్స్ తినమంటారు. ఏ ఓట్స్ అన్నది చీటీలో ఉండదు. అన్నీ ఓట్సేగా, ఏదైతేనేం అనుకుని దొరికింది కొనుక్కుంటారు. ఏదైనా ఒకటే ఎందుకు కాదో తెలియాలంటే గింజ ప్యాకెట్‌లోకి చేరేలోపు దానికేం జరుగుతుందో చూడాలి.

ఓట్స్ మన నేల పంట కాదు. మన దేశంలో దీన్ని ఎక్కువగా పశువుల మేతకే వేస్తారు. మనం తినే ప్యాకెట్లలోని గింజ చాలావరకు ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. వరి, జొన్నలతో పోలిస్తే ఇందులో నూనె ఎక్కువ, 100 గ్రాములకు సుమారు 7 గ్రాములు. ఆ నూనెను విరగ్గొట్టే ఎంజైము కూడా ఆ గింజలోనే ఉంటుంది. పొట్టు తీసి, గింజ నలిగితే చాలు, ఆ రెండూ కలిసి కొద్దిరోజుల్లోనే చేదెక్కిస్తాయి. అందుకే మిల్లులో పొట్టు తీసిన వెంటనే ఆవిరి పట్టి, వేడి చేసి ఆ ఎంజైమును చంపేస్తారు. అంటే పచ్చి ఓట్స్ అనేది మార్కెట్లో దాదాపు లేదు. ఎంత సాదా ప్యాకెట్ అయినా కొంత ఉడికి వచ్చిందే. పాత నూనె వాసన వచ్చినా, నాలుకకు చేదు తగిలినా ఆ ప్యాకెట్ పాతబడిందని అర్థం.

ఆవిరి పట్టిన గింజను అలాగే రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్స్. ఒక్కో గింజ ఒక్కో రేకవుతుంది, అర మిల్లీమీటరు పైన మందం ఉంటుంది. గింజను ముందే మూడు నాలుగు ముక్కలుగా కోసి, ఆవిరి పట్టి ఇంకా పలచగా నొక్కితే మూడు నిమిషాల్లో ఉడికే రకం. మరింత ఎక్కువసేపు ఉడికించి, మరింత పలచగా నొక్కి ఆరబెడితే ఇన్‌స్టంట్. దీనికి వేడినీళ్లు పోస్తే చాలు. అటుకులు తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. దొడ్డు అటుకులు నానాలి, పేపరు అటుకులు చెయ్యి తడిగా ఉంటే చాలు, మెత్తబడతాయి. రెండూ వడ్లే, తేడా అంతా మందంలో ఉంది.

ఇప్పుడు రోల్డ్ ప్యాకెట్‌నూ, ఏమీ కలపని ఇన్‌స్టంట్ ప్యాకెట్‌నూ వెనక్కి తిప్పి పట్టికలు పక్కపక్కన పెట్టండి. పీచు రెండింట్లోనూ 100 గ్రాములకు 10 గ్రాముల దగ్గరే ఉంటుంది. సహజంగా ఉన్న చక్కెర ఒక గ్రాము అటూ ఇటూ. చేర్చిన చక్కెర సున్నా. ఈ అంకెలను బట్టి రెండూ ఒకటే తిండి. ఒంట్లోకి వెళ్లాక మాత్రం ఒకటి కాదు.

ఓట్స్ పిండిపదార్థం కణాల గోడల లోపల మూటకట్టి ఉంటుంది. ఆ గోడల్లోనే బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. ఓట్స్ జావను చల్లారనిస్తే సాగేది ఈ జిగురు వల్లే. మందపు రేకులో చాలా గోడలు చెక్కుచెదరకుండా మిగులుతాయి. పేగులోని ఎంజైములు లోపలి పిండిని చేరడానికి సమయం పడుతుంది, చక్కెర రక్తంలోకి నిదానంగా దిగుతుంది. కోసి, ఉడికించి, కాగితమంత పలచగా నొక్కినప్పుడు గోడలు చాలావరకు పగిలిపోతాయి. పిండి ముందే ఉడికి ఉబ్బి ఉంటుంది కాబట్టి ఎంజైములకు అడ్డే ఉండదు. పీచు ఎక్కడికీ పోలేదు, తూకంలో అంతే ఉంది. అది కాపలా కాయడం మానేసింది, అంతే.

దీన్ని కొలిచే పద్ధతి గ్లైసీమిక్ ఇండెక్స్. 50 గ్రాముల అరిగే పిండిపదార్థం ఉండేంత తిండి పెట్టి, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర ఎంత పెరిగిందో చూసి, గ్లూకోజుకు 100 వేసుకుని దానితో పోల్చి అంకె ఇస్తారు. 55, అంతకు తక్కువైతే నిదానం, 70, అంతకు ఎక్కువైతే వేగం. 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో ఓట్స్ మీద అంతవరకూ జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. అందులో మందపు రేకుల ఓట్స్ సగటు 53. త్వరగా ఉడికే రకం 71. ఇన్‌స్టంట్ 75. ఒకే గింజ, ఒకే పీచు, ఒకటి నిదానం వరసలో, మరొకటి వేగం వరసలో. ఇవి సగటులే, మనిషికీ మనిషికీ మారతాయి. పాలు, వేరుశనగలు కలిపినా, తినే పరిమాణం తగ్గించినా పెరుగుదల తగ్గుతుంది. అయినా షుగరున్నవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఇక్కడ కొనేవాళ్లు తేలిగ్గా తప్పిపోయే మెలిక ఒకటుంది. పదార్థాల జాబితాలో 'రోల్డ్ ఓట్స్ 100 శాతం' అని ఉండి, వంట సూచనలో 'మూడు నిమిషాలు' అని ఉంటే అది కోసి నొక్కిన త్వరగా ఉడికే రకమే. అబద్ధమేమీ లేదు, రోలర్ల మీద నొక్కారు కాబట్టి రోల్డే. అందుకని పేరు కాదు, ఉడికే సమయం చదవాలి. పది నిమిషాల దగ్గర చెబితే మందపు రేకు, మూడంటే పలచన, నీళ్లు పోస్తే చాలంటే ఇన్‌స్టంట్. ప్యాకెట్ విప్పాక కూడా తెలుస్తుంది. చెంచాడు పళ్లెంలో పోసి చూస్తే మందపు రకంలో గుండ్రటి పూర్తి రేకులు, మధ్యలో గింజ గీత కనబడతాయి. పలచ రకంలో చిన్న ముక్కలూ, అడుగున తెల్లటి పొడీ ఉంటాయి. వేడినీళ్లు పోసి రెండు నిమిషాలాగితే మొదటిది ఇంకా పంటికి తగులుతుంది, రెండోది ముద్దవుతుంది.

రుచి కలిపిన ప్యాకెట్ల దగ్గరికొస్తే కథ మారుతుంది. బ్రెజిల్‌లోని సావోపాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంటేరో బృందం తిండిని ప్రాసెసింగ్‌ను బట్టి నాలుగు గుంపులు చేసింది. దాన్ని నోవా అంటారు. ఆ లెక్కలో రోల్డూ, ఏమీ కలపని ఇన్‌స్టంటూ మొదటి గుంపులోనే ఉంటాయి, ఎందుకంటే రెండింట్లోనూ ఓట్స్ తప్ప ఇంకేమీ లేదు. రుచులూ, మాల్టోడెక్స్‌ట్రిన్, రుచి పెంచే ఐఎన్‌ఎస్ 627, 631 వంటివీ చేరితే నాలుగో గుంపు, అతిగా ప్రాసెస్ చేసిన తిండి. నోవా ఏం కలిపారో చూస్తుంది, పలుకు ఎంత నలిగిందో చూడదు. అందుకే ఒక్క కొలతను నమ్ముకుంటే చాలదని నా అభిప్రాయం.

తీపి రకం ప్యాకెట్ ఒకటి లెక్క కోసం అనుకుందాం. 40 గ్రాముల ప్యాకెట్, 100 గ్రాములకు చేర్చిన చక్కెర 20 గ్రాములు. ఒక ప్యాకెట్‌లో 8 గ్రాములు, అంటే రెండు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తం శక్తిలో 10 శాతం కంటే తక్కువ, వీలైతే 5 శాతం కంటే తక్కువ ఇలాంటి చక్కెర నుంచి రావాలంటుంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి 5 శాతం అంటే 25 గ్రాములు. పొద్దున ఈ ప్యాకెట్, ఆపైన రెండేసి చెంచాల చక్కెరతో రెండు టీలు తాగితే 24 గ్రాములు అక్కడికే అయిపోయాయి. తేనె, బెల్లం వేశామని ముందు వైపు రాసినా అదీ చేర్చిన చక్కెర కిందికే వస్తుంది.

మనవైపు ఎక్కువ అమ్ముడయ్యేది మాత్రం మసాలా రకం. ఇందులో చక్కెర సాధారణంగా తక్కువే, చూడాల్సింది ఉప్పు. ఇదీ లెక్క కోసమే: 40 గ్రాముల ప్యాకెట్, ఓట్స్ 75 శాతం, 100 గ్రాములకు సోడియం 900 మిల్లీగ్రాములు. ఒక ప్యాకెట్‌లో సోడియం 360, దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు 0.9 గ్రాము. పీచు సాదా ఓట్స్‌లో 4 గ్రాములు రావాల్సింది 3కి దిగింది. గుండెకు మేలన్న మాట సంగతి కూడా చూద్దాం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఓట్స్ గురించి ఆ మాట ప్యాకెట్ మీద వేసుకోవడానికి అనుమతిచ్చింది, రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకుంటే అన్న లెక్క మీద. ఓట్స్‌లో అది సుమారు 4 శాతం ఉంటుంది. సాదా ఓట్స్ అయితే రోజుకు 75 గ్రాములు తినాలి. మన మసాలా ప్యాకెట్‌లో వచ్చేది 1.2 గ్రాములు. 3 గ్రాములు కావాలంటే రెండున్నర ప్యాకెట్లు తినాలి, దాంతో 900 మిల్లీగ్రాముల సోడియం. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 2,000. బీపీ కూడా ఉన్న మనిషికి ఇది ఏ రకంగా గుండెకు మేలు?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం మొత్తం చక్కెర, చేర్చిన చక్కెర, సోడియం రాయడం తప్పనిసరి. పీచు తప్పనిసరి జాబితాలో లేదు. పీచు గురించి గొప్పగా చెప్పుకుంటేనే అంకె చూపాలి. 'హై ఫైబర్' అనడానికి 100 గ్రాములకు 6 గ్రాములుంటే చాలు, కాబట్టి పాతిక శాతం వేరే సరుకు కలిపిన ఓట్స్ కూడా ఆ మాట నిజాయితీగానే వేసుకోగలదు. పదార్థాల జాబితా బరువు తగ్గే క్రమంలో ఉంటుంది. చక్కెర, తేనె, గ్లూకోజ్ సిరప్ అని మూడు పేర్లుగా విడిపోతే ఒక్కొక్కటీ కిందికి జారుతుంది, అందుకే చేర్చిన చక్కెర అంకెనే చూడాలి. మాల్టోడెక్స్‌ట్రిన్ ఆ అంకెలోకి కూడా రాదు. అది చక్కెర కాదు, పిండి విరిస్తే వచ్చే పొడి, కానీ గ్లూకోజులాగే రక్తంలోకి పరుగెత్తుతుంది.

మసాలా రుచే కావాలంటే సాదా మందపు ఓట్స్‌లో ఉల్లిపాయ, టమాటా, కరివేపాకు, పచ్చిమిర్చి వేసి ఉప్మాలా చేసుకోవచ్చు. ఉప్పు మన చేతిలో ఉంటుంది.

పీచు కోసమే అయితే ఓట్స్ దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాములకు పీచు జొన్నల్లో సుమారు 10, సజ్జల్లో 11.5, రాగుల్లో 11 గ్రాములు. పాలిష్ బియ్యంలో 3 కూడా లేదు. ఓట్స్‌కున్న ప్రత్యేకత బీటా గ్లూకాన్, అది బార్లీలోనూ ఉంటుంది కానీ ఈ గింజల్లో చెప్పుకోదగ్గంత ఉండదు. కొలెస్టరాల్ తగ్గించుకోవడానికైతే ఓట్స్‌కు అర్థముంది, పీచు కోసమైతే గిద్దలూరు సంతలో దొరికే జొన్నలు చాలు. నలిగిన పలుకు సంగతి వాటికీ వర్తిస్తుంది. జొన్న రవ్వతో వండిన సంగటి ఒకటి, అవే జొన్నలను ఉడికించి పలచగా నొక్కిన ఫ్లేక్స్ మరొకటి. వేడినీళ్లు పోస్తే తయారయ్యే మిల్లెట్ మిక్స్ ప్యాకెట్‌కైనా ముందు చూడాల్సింది ఉడికే సమయం, ఆ తర్వాత చేర్చిన చక్కెర, సోడియం.