36 మీటర్ల తాడు, మూడు గుంజలు

మూడు గుంజలు పాతి, వాటి చుట్టూ 36 మీటర్ల తాడు బిగించి కట్టాలి. లోపల వీలైనంత ఎక్కువ నేల రావాలంటే గుంజలు ఎలా పాతాలి? తాడు ఎంతో అంతే కదా, ఎలా పాతితే ఏం అనిపిస్తుంది. లెక్క వేస్తే సంగతి వేరు. భుజాలు 17, 17, 2 మీటర్లయితే లోపల 17 చదరపు మీటర్ల నేల కూడా రాదు. 10, 10, 16 అయితే 48 వస్తుంది. 9, 12, 15 అయితే 54, 10, 13, 13 అయితే 60. మూడు భుజాలూ 12 చొప్పున పెడితే దాదాపు 62.35.

ఇంతకంటే మెరుగైన త్రిభుజం ఇంకెక్కడో దాక్కుని ఉందేమో? లేదని తేల్చాలంటే ఉదాహరణలు చాలవు, రుజువు కావాలి. దానికి రెండు పాత పనిముట్లు సరిపోతాయి.

మొదటిది తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన హెరాన్ సూత్రం. హెరాన్ క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉండేవాడు. ఈ సూత్రం ఉన్న ఆయన గ్రంథం 'మెట్రికా' శతాబ్దాలపాటు కనిపించకుండా పోయి, 1896లో ఇస్తాంబుల్‌లో వ్రాతప్రతిగా బయటపడింది. త్రిభుజం ఎత్తు తెలియకపోయినా భుజాలు తెలిస్తే వైశాల్యం చెప్పేయడం ఈ సూత్రం ప్రత్యేకత. చుట్టుకొలతలో సగాన్ని s అనుకుంటే,

వైశాల్యం = √(s(s−a)(s−b)(s−c))

మన తాడుకు s ఎప్పుడూ 18. అది మారదు. మారేవల్లా బ్రాకెట్లలోని మూడు సంఖ్యలే. 10, 10, 16 త్రిభుజంలో అవి 8, 8, 2. వాటి లబ్ధం 128. దాన్ని 18తో గుణిస్తే 2304, వర్గమూలం 48. ఇక ఈ మూడు సంఖ్యల మొత్తం చూడండి: 8+8+2 = 18. ఏ త్రిభుజం తీసుకున్నా అంతే, ఎందుకంటే 3s లోంచి చుట్టుకొలత 2s తీసేస్తే మిగిలేది s. రెండు భుజాల మొత్తం మూడో భుజం కంటే ఎక్కువ కాబట్టి మూడూ ధన సంఖ్యలే.

దాంతో గుంజల ప్రశ్న కాస్తా అంకెల ప్రశ్న అయిపోయింది. మొత్తం 18 అయ్యే మూడు ధన సంఖ్యల లబ్ధం గరిష్ఠంగా ఎంత?

ఇక్కడ రెండో పనిముట్టు అందుకోవాలి: ధన సంఖ్యల గుణమధ్యమం వాటి అంకమధ్యమాన్ని మించదు, సంఖ్యలన్నీ సమానమైతేనే రెండూ ఒకటవుతాయి. మన సంఖ్యల అంకమధ్యమం 6. కాబట్టి లబ్ధం 6×6×6, అంటే 216 దాటదు. 18×216 = 3888, దాని వర్గమూలమే 62.35. s−a, s−b, s−c సమానమంటే భుజాలు మూడూ సమానమన్నమాటే. గెలిచేది సమబాహు త్రిభుజం ఒక్కటే.

ఈ మధ్యమాల నియమాన్ని గుడ్డిగా నమ్మనక్కర్లేదు. 8, 8, 2 లో సగటుకు పైన ఉన్న ఒక 8 నుంచి 2 తీసి, కింద ఉన్న 2 కు కలపండి. సంఖ్యలు 6, 8, 4 అవుతాయి. మొత్తం మారలేదు, లబ్ధం మాత్రం 128 నుంచి 192కు పెరిగింది. ఇప్పుడు 8 నుంచి 2 తీసి 4 కు ఇస్తే 6, 6, 6. లబ్ధం 216. రెండు సంఖ్యల లబ్ధమంటే వాటి మొత్తంలో సగం వర్గంలోంచి, తేడాలో సగం వర్గాన్ని తీసేయడమే. మొత్తం కదలకుండా తేడా తగ్గితే లబ్ధం పెరగక తప్పదు. ఏ మూడు సంఖ్యలతో మొదలుపెట్టినా, ప్రతిసారీ ఒకదాన్ని సరిగ్గా సగటుకు తెస్తూ పోతే, రెండు అడుగుల్లోపే పని అయిపోతుంది.

విద్యార్థులు తడబడే చోటు ఒకటుంది. వర్గమూలం కింద నాలుగు సంఖ్యలున్నాయి కదా అని s ను కూడా కలిపేసి మధ్యమం తీస్తారు. 18, 8, 8, 2 ల మొత్తం 36, సగటు 9. అలా చేస్తే వైశాల్యం 81 దాటదని వస్తుంది. అది అబద్ధం కాదు గానీ పనికిరాదు. ఆ హద్దును అందుకోవాలంటే నాలుగూ 9 కావాలి, s మాత్రం 18 నుంచి కదలదు. సమానత్వం నిజంగా కుదిరే హద్దే గరిష్ఠం అవుతుంది. అందుకే s ను బయట ఉంచి మిగతా మూడింటికే నియమాన్ని వాడాలి.

అయితే ఆ 81 ఊరికే రాలేదు. వృత్తంలో ఇమిడే చతుర్భుజాల వైశాల్యానికి బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ఇచ్చిన సూత్రంలో నాలుగు కారకాలూ మారేవే: s−a, s−b, s−c, s−d. అక్కడ నాలుగూ 9 కావడం సాధ్యమే. అదే 36 మీటర్ల తాడుతో నాలుగో గుంజ పాతి, భుజం 9 మీటర్ల చతురస్రం కడితే సరిగ్గా 81 చదరపు మీటర్లు వస్తాయి. మూడు గుంజలతో మాత్రం ఎవరి లెక్కలోనైనా 62.36 కంటే ఎక్కువ తేలిందంటే, వాళ్లు భుజాలో గుణకారమో మళ్లీ సరిచూసుకోవాల్సిందే.