వరస మరిచి లెక్కపెడితే

ప్రోగ్రాములో తెరిచిన బ్రాకెట్లన్నీ సరిగ్గా మూసుకున్నాయో లేదో చూడాలంటే, ఇంకా ఎన్ని తెరిచి ఉన్నాయో గుర్తుండాలి. అవి ఎన్నయినా ఉండొచ్చు కాబట్టి, పరిమితమైన స్థితులు మాత్రమే ఉన్న యంత్రానికి ఆ పని సాధ్యం కాదు. అలాంటి యంత్రానికి లొంగేవి రెగ్యులర్ భాషలు. బ్రాకెట్లది వాటికి పై మెట్టు, కాంటెక్స్ట్-ఫ్రీ భాష.

గుజరాత్‌లోని పాలన్‌పూర్‌లో పుట్టిన రోహిత్ పారిఖ్ 1961లో ఎం.ఐ.టి.లో రాసిన ఒక నివేదికలో ఈ తేడాను మరో వైపు నుంచి చూశాడు. అక్షరాల వరసను మరిచిపోయి, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో మాత్రమే లెక్కపెడితే, రెండు మెట్లకీ తేడా మిగలదని తేల్చాడు. ఒకే అక్షరం ఉన్న భాషలో మరిచిపోవడానికి వరసంటూ ఉండదు. అందుకే అది కాంటెక్స్ట్-ఫ్రీ అయితే రెగ్యులర్ కూడా అయి తీరుతుంది.

ఈ వ్యాకరణం చూడండి:

```
S → aSSa | aa | aaa
```

S ఉన్నచోట మూడింటిలో ఏదైనా రాయొచ్చు. చూడటానికి బ్రాకెట్లలాగే ఒకదానిలో ఒకటి ఇముడుతుంది. కానీ పొడవు లెక్కలో జరిగేది చాలా చిన్న పని. మొదటి నియమం వాడిన ప్రతిసారీ రెండు a లూ, అదనంగా ఒక Sా చేరతాయి. ఆ S చివరికి 2 గానో 3 గానో మారుతుంది. అంటే పొడవు 2 తోనో 3 తోనో మొదలై, 4 చొప్పునో 5 చొప్పునో పెరుగుతుంది. వచ్చే పొడవులు 2, 3, 6, 7, 8. ఆపైన 10 నుంచి అన్నీ. 1, 4, 5, 9 మాత్రం రావు. పది దాకా లెక్కపెట్టి ఆగిపోయే యంత్రం దీనికి చాలు.

ఏ వ్యాకరణంలోనైనా ఇంతే. గుర్తులు కొన్నే కాబట్టి, నియమాల చెట్టు బాగా ఎత్తు పెరిగితే ఒకే కొమ్మ మీద ఒక గుర్తు మళ్లీ వస్తుంది. ఆ రెండింటి మధ్య భాగాన్ని ఎన్నిసార్లయినా అతికించొచ్చు, ప్రతిసారీ పొడవు ఒకే మొత్తంలో పెరుగుతుంది. తీసేసేటప్పుడే చిక్కు: ఆ ముక్కతోపాటు, వేరే ముక్కను అతికించడానికి కావలసిన గుర్తు కూడా పోవచ్చు. అందుకే చెట్లను వాటిలో కనిపించే గుర్తులను బట్టి విడివిడి గుంపులు చేసి లెక్కించాలి.

దీన్నిబట్టి ఏది కుదరదో కూడా తెలుస్తుంది. 1, 4, 9, 16 పొడవుల మధ్య ఖాళీ పెరుగుతూనే పోతుంది గనుక, వర్గసంఖ్యల పొడవులకు ఏ కాంటెక్స్ట్-ఫ్రీ వ్యాకరణమూ ఉండదు.

రెండో అక్షరం చేరితే మాత్రం ఈ హామీ చెల్లదు. ab, aabb, aaabbb భాషకూ, ab, abab, ababab భాషకూ లెక్కలు ఒకటే, రెండోదే రెగ్యులర్.

ఒక్క అక్షరంతోనైనా యంత్రం చిన్నదిగా ఉంటుందనుకోకూడదు. ఒక్కో నియమం పొడవును రెట్టింపు చేస్తూ పోతే, ఇరవై రెట్టింపుల తర్వాత వచ్చేది 10,48,576 అక్షరాల ఒకే ఒక్క పదం. దాన్ని గుర్తించే యంత్రానికి అంతకంటే ఎక్కువ స్థితులే కావాలి.