కోటి వస్తుంది సరే, కట్టేది ఎంత?

చిలకలూరిపేటలో ఈమధ్య ఫోన్ల మీద ఒక లెక్క తిరుగుతోంది. "నెలకు 5,000 సిప్ కడితే 20 ఏళ్లకు 50 లక్షలు. అదే సిప్‌ను ఏటా 10 శాతం పెంచుకుంటూ పోతే కోటి. 12 శాతం రాబడికి 10 శాతం కలిసి 22 శాతం!" ఇందులో మొదటి రెండు మాటలూ, 12 శాతం వస్తుందనుకుంటే, దాదాపు నిజం. మూడోది పచ్చి అబద్ధం. అయితే రెండు నిజాల వెనకాల నిలబడ్డ అబద్ధాన్ని ఎవరూ తడిమి చూడరు.

నవ్వి ఊరుకుందును. కానీ మా వీధిలో ఉండే ఒక స్పిన్నింగ్ మిల్లు గుమస్తా, నెలనెలా కడుతున్న 10,000 సిప్‌ను ఆపేసి 5,000తో స్టెప్-అప్ సిప్ మొదలుపెట్టాడు. "సగం డబ్బుకే ఆ కోటి వస్తుంటే రెట్టింపు ఎందుకు కట్టాలి మాస్టారూ?" అని నన్నే అడిగాడు.

అపోహ: ఏటా 10 శాతం పెంచితే రాబడి 22 శాతం అవుతుంది.

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో వంద టిక్కీల మిరప దాచినవాడికీ, రెండొందల టిక్కీలు దాచినవాడికీ క్వింటాలు ధర ఒకటే. రెండోవాడికి ఎక్కువ డబ్బు వస్తే, అది ఎక్కువ సరుకు తెచ్చినందుకు. స్టెప్-అప్ సిప్‌లో 12 శాతం అనేది ఫండ్ పెరిగే వేగం. 10 శాతం అనేది మీ జేబు ఖాళీ అయ్యే వేగం. ఈ రెంటినీ కూడేవాడు ధరను, బస్తాల సంఖ్యను కూడుతున్నట్టే.

కోటి ఎక్కడిదో చూద్దాం. ఏటా 12 శాతాన్ని నెలకు 1 శాతంగా తీసుకుంటే, 5,000ను మార్చకుండా 20 ఏళ్లు కట్టినవాడు పెట్టేది 12 లక్షలు, అందుకునేది 49.96 లక్షలు. ఏటా 10 శాతం పెంచినవాడికి వచ్చేది 99.44 లక్షలు. అయితే అతను కట్టింది 12 లక్షలు కాదు, 34.37 లక్షలు. ఆ అంకె ఫార్వర్డ్ మెసేజీలో కనపడదు. పెట్టింది దాదాపు మూడింతలైతే వచ్చింది రెండింతలైంది. రాబడి శాతం పెరిగి ఉంటే ఇలా జరిగేదేనా?

వేగం ఒకటే అయినప్పుడు ఫలం ఎందుకు తగ్గింది? కాలం వల్ల. మొదటి ఏడాది కట్టిన 60,000కు దాదాపు 20 ఏళ్లు దొరికాయి, అది 6.19 లక్షలైంది. చివరి ఏడాది కట్టిన 3.67 లక్షలకు దొరికింది సగటున ఆరేడు నెలలే, అది 3.92 లక్షల దగ్గరే ఆగింది. స్టెప్-అప్‌లో పెద్ద మొత్తాలన్నీ చివరి ఏళ్లలోనే పడతాయి. సంక్రాంతి దాటాక వేసిన విత్తనానికి ఎరువు ఎంత గుమ్మరిస్తే మాత్రం ఏం లాభం?

ఇప్పుడు గుమస్తా ప్రశ్న. మొదటినుంచీ నెలకు 10,000 చొప్పున, పెంచకుండా కట్టినవాడికి 20 ఏళ్లకు వచ్చేది 99.91 లక్షలు. అతను పెట్టేది 24 లక్షలు. స్టెప్-అప్‌తో అదే కోటికి 34.37 లక్షలు పెట్టాలి. అంటే ఆయన సగం డబ్బుతో కోటి సంపాదించబోవడం లేదు, పది లక్షలు ఎక్కువ పోసి అదే కోటికి చేరబోతున్నాడు. పైగా 20వ ఏడు నెలసరి కిస్తీ 30,580 అవుతుంది. ఆ సంగతి చెప్పేసరికి ఆయన మొహం చూడాలి.

నమ్మకం లేనివాళ్లు ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఈ ఒక్క వరుస కొట్టి చూసుకోవచ్చు:

```
=5000*12.809*(1.12683^20-1.1^20)/(1.12683-1.1)
```

12.809 అంటే, నెల మొదట్లో ఒక్కో రూపాయి వేస్తూ పోతే ఏడాది చివరికి అయ్యే మొత్తం. 1.12683 అనేది నెలకు 1 శాతం చొప్పున ఏడాదికి డబ్బు పెరిగే గుణకం, 1.1 అనేది మీరు కిస్తీ పెంచే గుణకం. రెండు గుణకాలూ విడివిడిగా ఉన్నాయి, చూడండి. ఎక్కడా కూడబడలేదు.

అపోహ: క్యాలిక్యులేటర్ చూపించింది కాబట్టి అంతే వస్తుంది.

చాలా క్యాలిక్యులేటర్లు 12ను 12తో భాగించి నెలకు 1 శాతం అంటాయి. అది ఏడాదికి 12 కాదు, 12.68 శాతం. ఫండ్ కాగితాల మీద రాసే వార్షిక రాబడి నిజంగానే 12 అయితే, పై కోటి దాదాపు 93 లక్షలే. ఇక ఏటా 12 శాతం ఇస్తానని ఏ ఫండూ మాట ఇవ్వలేదు.

అపోహ: స్టెప్-అప్ ఉంటే మార్కెట్ పడినా నష్టం ఉండదు. ఉంటుంది, ఎక్కువ డబ్బు పెట్టాక రూపాయల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది.

అపోహ: సిప్ తేదీ నెలలో ఎప్పుడో చూసి పెట్టుకోవాలి. జీతం పడ్డ మర్నాడు పెట్టుకోండి, చాలు.

అపోహ: స్టెప్-అప్ జీతగాళ్లకే, రైతుకు పనికిరాదు.

ఇది విన్నప్పుడల్లా వాదించాలని ఉంటుంది. కానీ ఒప్పుకోక తప్పదు, ఇందులో సగం పైనే నిజం ఉంది. 2023లో గుంటూరు యార్డులో క్వింటాలుకు 20,000 దాటిన మిరపకు, 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం ప్రకటించిన ధర 11,781. ఆదాయం అలా పడ్డ ఏడాది కూడా ఆటోమేటిక్ స్టెప్-అప్ నిర్దాక్షిణ్యంగా 10 శాతం పెంచేస్తుంది. ఖాతాలో డబ్బు లేకపోతే కిస్తీ బౌన్స్ అవుతుంది, బ్యాంకు ఛార్జీ వేస్తుంది, వరుసగా మూడు నెలలు తప్పితే సిప్పే రద్దవుతుంది. పత్తి, మిరప మీద బతికేవాడు చిన్న సిప్‌ను మార్చకుండా నడిపి, మంచి ధర దొరికిన ఏడాది విడిగా కొంత పోయడమే మేలు. జీతం ఉన్నవాడి లెక్క వేరు: ఎవరూ గుర్తుంచుకుని పెంచరు, పెంచే పని యంత్రానికి అప్పగించడమే దారి.

అలా అప్పగించేటప్పుడు మూడు సంగతులు చూడండి. బ్యాంకు మ్యాండేట్ గరిష్ఠ పరిమితి ఎంత? 10,000 అని రాసి ఉంటే, 5,000తో మొదలైన సిప్ తొమ్మిదో ఏడు 10,718కి చేరి అక్కడే చిక్కుకుంటుంది. ఫండ్ ఫారంలో కిస్తీకి గరిష్ఠ హద్దు పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. మూడోది, శాతం బదులు రూపాయల్లో పెంచడం. ఏటా 500 చొప్పున పెంచితే 20వ ఏడు కిస్తీ 14,500 దగ్గరే ఆగుతుంది, కట్టేది 23.4 లక్షలు, అదే 1 శాతం లెక్కన వచ్చేది 79 లక్షల పైచిలుకు. కోటి కాదు, కానీ నెలనెలా కట్టగలిగేది.

మా గుమస్తా మాత్రం 10,000 సిప్‌ను మళ్లీ మొదలుపెట్టాడు, జీతం పెరిగిన ఏడాది మాత్రమే పెంచుతానన్నాడు. ఎవరైనా కోటి లెక్క చెప్పబోతే, ఆయన ఇప్పుడు ఒకటే అడుగుతున్నాడు: "అది సరే, ఇరవయ్యో ఏడు కిస్తీ ఎంత?"